పైవాళ్ళను సీసీలో పెట్టి నిలదీసిన మెయిల్‌కి జవాబు ఎలా రాయాలి

"రాత్రి తొమ్మిదిన్నరకి మెయిల్ వచ్చింది. సీసీలో డైరెక్టర్, వీపీ ఇద్దరూ ఉన్నారు. మా టీమ్ మొత్తం పనికిరానిదన్నట్టు రాశాడు. ఇప్పుడేం రాయమంటారు?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మాటలు కాస్త మారతాయి గానీ పరిస్థితి ఒకటే. అడిగేవాళ్ళు ఎక్కువగా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఉంటారు. మెయిల్ రాసినవాళ్ళు అమెరికాలోనో, పక్క బిల్డింగ్‌లోనో ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. నాకు బాగా తెలిసిన ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని చెబుతాను. మీ కేసులో తేదీలు, పదవులు వేరుగా ఉంటాయి, రాసే పద్ధతి మాత్రం ఇదే.

కేసు ఇది

ఆమె హైదరాబాద్‌లో టెస్టింగ్ లీడ్. చేతికింద నలుగురు ఉన్నారు. క్లయింట్ కోసం ఒక బిల్లింగ్ రిపోర్ట్ 13వ తేదీ గురువారం రిలీజ్ కావాలి, కాలేదు. ఆ రాత్రి 9:20కి న్యూజెర్సీలో ఉన్న డెలివరీ మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది. సీసీలో ఆమె మేనేజర్, డైరెక్టర్, వీపీ ఉన్నారు. మెయిల్ సారాంశం:

> మీ టీమ్ మళ్ళీ చేతులెత్తేసింది. మూడు వారాలుగా అడుగుతున్నా ఒక్కరూ పట్టించుకోలేదు. రిలీజ్ ఆగిపోయిందని క్లయింట్ అడిగేదాకా నాకే తెలియదు. ఈ నిర్లక్ష్యాన్ని ఇంకెంతకాలం భరించాలో సీసీలో ఉన్న పెద్దలే చెప్పాలి.

ఆమె అరగంటలో జవాబు రాసేసింది. పంపే ముందు నాకు ఫోన్ చేసి చదివి వినిపించింది. అది ఇలా మొదలైంది: "మీ మెయిల్ చూసి చాలా ఆశ్చర్యపోయాను. మీరు రిక్వెస్ట్ పంపిందే 3వ తేదీన. మూడు వారాలు అనడం పూర్తిగా అబద్ధం. పైగా మీ వైపు నుంచి రావాల్సిన టెస్ట్ డేటానే ఐదు రోజులు లేటు..." పంపొద్దని చెప్పాను. ఆ జవాబులో తేదీలు చాలావరకు నిజమే. అయినా పంపి ఉంటే ఆమెకే నష్టం జరిగేది. ఎందుకో మూడో మెట్టులో కనిపిస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- ఆ విషయం మీద పాత మెయిళ్ళన్నీ, అంటే ట్రెయిల్ మొత్తం. టికెట్ హిస్టరీ, కాల్స్‌లో రాసుకున్న నోట్స్ కూడా.
- ఒక ఖాళీ నోట్‌ప్యాడ్ ఫైల్. జవాబు మొదట రాసేది అందులోనే, రిప్లై విండోలో కాదు.
- మీ మేనేజర్ సమయం పది నిమిషాలు.
- మీ ప్రాజెక్ట్ గురించి ఏమీ తెలియని ఒక మనిషి. వేరే టీమ్‌లో స్నేహితురాలైనా సరే.
- మొత్తం మీద గంట, గంటన్నర. ఇందులో రాయడానికి పట్టేది పావుగంటే. మిగతాదంతా వెతకడానికీ, కోయడానికీ.

1. రిప్లై విండో మూసేయండి

రాత్రి వచ్చిన మెయిల్‌కి రాత్రే జవాబు ఇవ్వాలన్న నియమం ఏమీ లేదు. పని మీద వచ్చిన మెయిల్‌కి మరుసటి పని రోజు మధ్యాహ్నంలోపు జవాబిస్తే ఎవరూ ఆలస్యం అనరు. అమెరికా నుంచి వచ్చినవాటికి మీకింకా వెసులుబాటు ఉంది. న్యూజెర్సీలో మధ్యాహ్నం రాసిన మనిషి మీ మర్నాడు ఉదయం నిద్రలో ఉంటాడు. హైదరాబాద్‌లో ఉన్న మీ పైవాళ్ళు మాత్రం ఆఫీసుకి వస్తూ ఆ మెయిల్ చదువుతారు. అందుకని ఉదయం పదకొండు, పన్నెండు మధ్య పంపితే సరిపోతుంది.

నిజాలు తేలడానికి ఒక రోజు కంటే ఎక్కువ పడుతుందనుకుంటే మాత్రం మౌనంగా ఉండకండి. "మీ మెయిల్ చూశాను. వివరాలు సరిచూసి రేపు సాయంత్రం 5 గంటలకి జవాబిస్తాను" అని రెండు ముక్కలు రాసి, చెప్పిన సమయానికి తప్పకుండా ఇవ్వండి.

చెయ్యి జారకుండా మెయిల్ ప్రోగ్రామ్‌లోనే ఒక అడ్డు పెట్టుకోవచ్చు. జీమెయిల్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి Undo Send దగ్గర సమయాన్ని 30 సెకన్లకి మార్చండి. అంతకంటే ఎక్కువ ఇవ్వదు. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో ఇంకా మంచి మార్గం ఉంది. Rules లో కొత్త రూల్ పెట్టి, మీరు పంపే మెయిళ్ళకి "defer delivery by a number of minutes" ఎంచుకుంటే, ప్రతి మెయిల్ మీరు చెప్పినన్ని నిమిషాలు అవుట్‌బాక్స్‌లో ఆగి వెళ్తుంది. 120 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. పంపేశాక వెనక్కి లాగే Recall ని మాత్రం నమ్ముకోకండి. మీ సంస్థ బయటికి వెళ్ళిన మెయిల్ మీద అది పనిచేయదు. లోపల పనిచేసినా, అప్పటికే ఎవరైనా చదివేసి ఉండొచ్చు.

2. ఎవరికోసం రాస్తున్నారో తేల్చుకోండి

ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు. మెయిల్ రాసినవాడిని ఒప్పించడానికి జవాబు రాస్తారు. అతను నలుగురి ముందు ఒక మాట అనేశాడు. మీ జవాబు చూసి అదే నలుగురి ముందు "అవును, నాదే తప్పు" అని రాయడు. ఒక్క మెయిల్‌తో అతని మనసు మార్చడం మీ వల్ల కాదు.

మీ అసలు పాఠకులు సీసీలో ఉన్నవాళ్ళు. వాళ్ళు ఏమీ రాయరు, కానీ చదువుతారు. అదీ లిఫ్ట్‌లోనో, మీటింగ్ మధ్యలోనో, ఫోన్ మీద మొదటి నాలుగు లైన్లు మాత్రమే. వీపీకి కావలసింది రెండే. పని ఎప్పుడు అవుతుంది? తను కల్పించుకోవాలా, అక్కర్లేదా? ఎవరిది తప్పు అన్న పంచాయితీ తన నెత్తిన పడకూడదనే ఆయన కోరుకుంటాడు. మీ మొదటి రెండు వాక్యాల్లో ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ఉండాలి.

3. మెయిల్‌ని మూడు గడులుగా విడదీయండి

కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి దాంట్లో అవతలి మనిషి చెప్పిన విషయాలు రాయండి, అంటే నిజమో కాదో తేల్చగలిగినవి. రెండో దాంట్లో ఒక్కోదానికి మీ దగ్గరున్న ఆధారం. మూడో దాంట్లో గుచ్చుకునే మాటలు.

మూడో గడిలోకి ఆమె వేసినవి "చేతులెత్తేసింది", "నిర్లక్ష్యం", "ఇంకెంతకాలం భరించాలి". వీటికి జవాబు లేదు. ఖండించకూడదు, సమర్థించకూడదు, జవాబులో మళ్ళీ రాయకూడదు. "మా టీమ్ నిర్లక్ష్యంగా లేదు" అని రాస్తే ఆ మాట మీ పేరు మీద కూడా ఒకసారి నమోదైనట్టే. వీపీ కంటికి రెండోసారి కనిపించేది ఆ మాటే.

మొదటి గడిలో మిగిలినవి మూడే. రిలీజ్ ఆగింది. మూడు వారాలుగా అడుగుతున్నాడు. ఆగిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఒక్కోదానికి ఆధారం వెతకాలి.

"మూడు వారాలు" దగ్గర ఆమెకి బాగా కోపం ఉంది. రిక్వెస్ట్ మెయిల్ 3వ తేదీన వచ్చింది, అంటే పది రోజులే. అది అబద్ధమని నిరూపించడమే తన జవాబుకి ప్రాణం అనుకుంది. కాల్ నోట్స్ కూడా ఒకసారి చూడమన్నాను. చూస్తే, అంతకు ముందు నెల 23న జరిగిన కాల్‌లో అతను ఈ రిపోర్ట్ గురించి అడిగినట్టు ఆమె చేతిరాతలోనే ఉంది. 23 నుంచి 13కి సరిగ్గా 21 రోజులు. అతని లెక్క అదీ. మెయిల్ లెక్క ఈమెది, కాల్ లెక్క అతనిది. ఆ మొదటి జవాబు పంపి ఉంటే, అతను ఆ కాల్ సంగతి గుర్తుచేస్తూ ఒక్క లైన్ రాసేవాడు. దాంతో ఆమె చెప్పిన మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

ఇది ఆమె ఒక్కదానికే జరిగింది కాదు. మనకి ఏ మాట మీద ఎక్కువ కోపం వచ్చిందో దాన్నే సరిచూడకుండా ఖండిస్తాం. అందుకే అన్నిటికంటే ఎక్కువ మండించిన వాక్యానికి ముందుగా ఆధారం వెతకండి.

మిగతా రెండూ చూస్తే తేలింది ఇది. టెస్ట్ డేటా 5న రావాలి, 10న వచ్చింది. 11న అమ్మకపు పన్ను లెక్కలో ఒక తప్పు దొరికింది. సరిచేసిన కోడ్ 13 సాయంత్రం టెస్టింగ్‌కి చేరింది. గురువారం రిలీజ్ అసాధ్యమని మాత్రం 12నే ఆమెకి తెలుసు. తన టీమ్‌కి, డెవలపర్లకి చెప్పింది. అతనికి చెప్పలేదు. అతని మూడో ఆరోపణ నిజం.

ఒక జాగ్రత్త. సమయాలు రాసేటప్పుడు ఎవరి గడియారమో చూసుకోండి. మీ తెర మీద కనిపించే టైమ్ మీ దగ్గరి టైమ్. అతనికి అదే మెయిల్ వేరే టైమ్‌లో కనిపిస్తుంది. న్యూజెర్సీకి మనం వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటాం. "12 రాత్రి చెప్పాను" అని మీరంటే "12 మధ్యాహ్నం కదా" అని అతను వాదించే అవకాశం ఇవ్వకండి. "భారత సమయం" అని పక్కన రాయండి.

4. పంపే ముందు మీ మేనేజర్‌తో మాట్లాడండి

మెయిల్ కాదు, మాట. ఆయన కూడా సీసీలో ఉన్నాడు, ఆయన పరువు కూడా అందులో ఉంది. అడగాల్సినవి మూడు. జవాబు నేనివ్వాలా, మీరిస్తారా? ఈ కొత్త తేదీ నేను రాయొచ్చా? పైవాళ్ళకి ఇప్పటికే మీరేమైనా చెప్పారా?

మూడో ప్రశ్న మర్చిపోకండి. మీ మేనేజర్ అప్పటికే డైరెక్టర్‌కి ఫోన్‌లో "సోమవారానికి అయిపోతుంది" అని చెప్పి ఉంటే, మీరు మంగళవారం అని రాయడంతో ఇద్దరి మాటలు రెండుగా కనిపిస్తాయి.

మేనేజర్ "నువ్వేమీ రాయకు, నేను చూసుకుంటా" అంటే ఆగండి. అయితే మీరు సేకరించిన తేదీలను ఆయనకి ఐదు లైన్లలో రాసి ఇవ్వండి. ఆయన రాసేది వాటి మీద ఆధారపడే ఉంటుంది.

5. జవాబు రాయండి: ఐదు ముక్కలు, ఈ వరుసలోనే

మొదట, ఒప్పుకోవలసిన ఒక నిజం, దాని పక్కనే కొత్త తేదీ. తర్వాత జరిగింది, తేదీలతో, రెండు మూడు వాక్యాల్లో. తర్వాత మీ వంతు పొరపాటు ఉంటే అది. తర్వాత ఇక చేసేది, ఎవరు, ఎప్పటికి. చివర, మాట్లాడుకోవడానికి ఒక సమయం. ఆమె శుక్రవారం ఉదయం 11:30కి పంపిన మెయిల్ ఇది. అసలు ఇంగ్లీషులో ఉంది, భావం చెడకుండా తెలుగులో ఇస్తున్నాను. పేర్లు తీసేశాను.

> గురువారం రిలీజ్ జరగలేదన్నది నిజమే. కొత్త తేదీ 18 మంగళవారం, సాయంత్రం 6 గంటలు, భారత సమయం.
>
> 5న రావాల్సిన టెస్ట్ డేటా 10న అందింది. 11న అమ్మకపు పన్ను లెక్కలో ఒక తప్పు బయటపడింది. సరిచేసిన కోడ్ 13 సాయంత్రం టెస్టింగ్‌కి వచ్చింది.
>
> గురువారానికి పూర్తికాదని 12నే నాకు తెలిసింది. ఆ రోజే మీకు చెప్పాల్సింది, నేను చెప్పలేదు. క్లయింట్ ద్వారా మీకు తెలియడం ఇబ్బందికరం, అందుకు క్షమించండి.
>
> మిగిలిన రెండు టెస్టులు 17 సోమవారం సాయంత్రానికి పూర్తి చేస్తాం. ఫలితాన్ని ఆ రోజే ఈ మెయిల్‌కి జవాబుగా నేనే పంపుతాను.
>
> క్లయింట్‌కి ఏం చెప్పాలో మాట్లాడుకోవడానికి ఈ రోజు సాయంత్రం 7 గంటలకి, మీకు ఉదయం 9:30కి, కాల్ చేస్తాను.

ఇందులో కొన్ని చూడండి. డేటా ఎవరు లేటు చేశారో రాయలేదు. ఎవరు పంపాలో అతనికి తెలుసు, సీసీలో ఉన్నవాళ్ళకి తెలుసు. 5, 10 అని రెండు అంకెలు పక్కపక్కన ఉంటే చాలు. "మీ వైపు నుంచి" అన్న మూడు పదాలు చేరిస్తే అదే వాక్యం ఎదురుదాడి అయిపోతుంది.

క్షమాపణ దేనికో స్పష్టంగా ఉంది. చెప్పకపోయినందుకు మాత్రమే. "జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని గంపగుత్తగా రాసి ఉంటే, రిలీజ్ ఆగడం మొత్తం టెస్టింగ్ టీమ్ తప్పని ఆమె స్వయంగా రాసి ఇచ్చినట్టు అయ్యేది. ఏడాది చివర్లో అప్రైజల్ అప్పుడు ఆ వాక్యం ఒక్కటే బయటికి తీస్తారు. అసలు తేదీలు అప్పటికి ఎవరికీ గుర్తుండవు.

"మూడు వారాలు" అన్నదాని మీద ఒక్క మాట కూడా లేదు. "నిర్లక్ష్యం" మీద కూడా లేదు. ఆమెకి ఇదే కష్టంగా అనిపించింది. "అంటే ఒప్పుకున్నట్టు అవ్వదా?" అని రెండుసార్లు అడిగింది. అవ్వదు. పక్కన తేదీలు పెట్టారు కదా, చదివినవాళ్ళు నిర్లక్ష్యమో కాదో వాళ్ళే తేల్చుకుంటారు.

ఇంగ్లీషులో రాసేటప్పుడు కొన్ని మాటలు వాడకండి. మన ఆఫీసుల్లో ఇవి మర్యాదగా చెలామణి అవుతాయి గానీ, చదివేవాళ్ళకి పళ్ళు కొరుకుతున్నట్టే వినిపిస్తాయి: "యాజ్ ఐ ఆల్రెడీ మెన్షన్డ్", "ఫర్ యువర్ కైండ్ ఇన్ఫర్మేషన్", "ఐ యామ్ సర్‌ప్రైజ్డ్ టు సీ", "ప్లీజ్ రిఫర్ ది ట్రెయిల్ మెయిల్". చివరిది ముఖ్యంగా. ట్రెయిల్‌లో ఉన్నదాన్ని చూసుకోమని వీపీకి పని చెప్పే బదులు, అందులోంచి కావలసిన తేదీని మీరే రాసేయండి.

6. సీసీ సంగతి

మొదటి జవాబు Reply All లోనే ఇవ్వండి. పైవాళ్ళను చెప్పకుండా తీసేస్తే, వాళ్ళ దగ్గర ఆ ఆరోపణ మాత్రమే మిగులుతుంది, మీ జవాబు ఉండదు. పైగా అవతలి మనిషి మళ్ళీ కలిపి "సీసీ ఎందుకు తీసేశారు?" అని అడిగితే ఏదో దాస్తున్నట్టు కనిపిస్తుంది.

మీరు మాత్రం కొత్త పేరు ఒక్కటి కూడా చేర్చకండి. ఆమె మొదటి డ్రాఫ్ట్‌లో అతని పైఅధికారిని కలిపింది. "వాళ్ళు మావాళ్ళను పెట్టారు, నేను వాళ్ళవాళ్ళను పెడతా" అన్న లెక్క. అలా మొదలైతే ఐదుగురి మెయిల్ పన్నెండు మంది మెయిల్ అవుతుంది.

బీసీసీ అసలు వద్దు. మీ స్నేహితుణ్ణో, వేరే మేనేజర్‌నో బీసీసీలో పెట్టారనుకోండి. ఆయన పొరపాటున Reply All కొడితే, మీరు చాటుగా చూపించారన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది. ఎవరికైనా చూపించాలనుకుంటే, పంపిన తర్వాత విడిగా ఫార్వర్డ్ చేయండి. ఆ ఫార్వర్డ్ మీద కూడా వ్యాఖ్యలు రాయకండి.

సబ్జెక్ట్ లైన్ ఎంత చేదుగా ఉన్నా మొదటి జవాబులో మార్చకండి. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారిస్తే అది వేరే సంభాషణగా విడిపోతుంది. ఆరోపణ ఒకచోట, జవాబు ఇంకోచోట పడతాయి. తర్వాత రోజువారీ పని వివరాలకి మాత్రం "బిల్లింగ్ రిపోర్ట్, టెస్ట్ స్థితి" లాంటి మామూలు సబ్జెక్ట్‌తో కొత్త మెయిల్ మొదలుపెట్టండి. అందులో పనిచేసేవాళ్ళు చాలు.

7. పంపే ముందు పరీక్ష

నోట్‌ప్యాడ్‌లో ఉన్నదాన్ని ఇలా సరిచూడండి.

- మొదటి రెండు వాక్యాలు మాత్రమే చదవండి. "ఎప్పటికి అవుతుంది" అన్నదానికి జవాబు అక్కడ ఉందా?
- "మీరు" కర్తగా ఉన్న వాక్యాలు ఎన్నో లెక్కపెట్టండి. ఒకటి కంటే ఎక్కువ ఉంటే తిరగరాయండి. ఆమె మొదటి డ్రాఫ్ట్‌లో తొమ్మిది ఉన్నాయి, పంపినదాంట్లో ఒక్కటీ లేదు.
- ప్రతి తేదీ వెనక ఒక మెయిల్‌గానీ, టికెట్‌గానీ, నోట్‌గానీ ఉందా? లేని తేదీని తీసేయండి.
- "చాలా", "పూర్తిగా", "ఎప్పుడూ", "అసలు" అన్న మాటలు కొట్టేసి మళ్ళీ చదవండి. దాదాపు ప్రతిసారీ వాక్యం బాగుపడుతుంది.
- ప్రాజెక్ట్ తెలియని స్నేహితురాలికి చదవడానికి ఇచ్చి ఒకటే అడగండి: "ఇది రాసిన మనిషి ఎలా ఉన్నట్టు అనిపిస్తోంది?" "ఒళ్ళు మండి ఉన్నట్టుంది" అన్నా, "భయపడినట్టుంది" అన్నా ఇంకా పని మిగిలి ఉంది. "పని చేసుకుంటోంది" అంటే పంపొచ్చు.

స్క్రీన్‌షాట్లు జతచేయాలా అని చాలామంది అడుగుతారు. మొదటి జవాబుకి వద్దు. ఆరు స్క్రీన్‌షాట్లు పెడితే చదివేవాళ్ళకి అది కోర్టు కేసులా కనిపిస్తుంది. ఒక ఫోల్డర్‌లో సిద్ధంగా ఉంచుకోండి. ఎవరైనా అడిగితే అప్పుడు ఇవ్వండి. ఆ ఫోల్డర్ ఆఫీసు మెయిల్‌బాక్స్‌లోనే ఉండాలి. ఆధారం కోసమని సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకోవడం చాలా కంపెనీల్లో నియమాల ఉల్లంఘన. నలిగినవాళ్ళే చివరికి ఆ కారణంతో ఇబ్బందుల్లో పడొచ్చు.

అవతలి మెయిల్‌ని లైను లైనుగా కోసి, మధ్యలో ఎర్ర రంగులో జవాబులు రాయడం ఇంకో అలవాటు. సాంకేతిక ప్రశ్నలకి అది బాగానే ఉంటుంది. ఇలాంటి మెయిల్‌కి మాత్రం వద్దు. అతని ప్రతి కఠినమైన వాక్యమూ మీ మెయిల్‌లో మళ్ళీ కనిపిస్తుంది.

8. పంపిన తర్వాత

చెప్పిన సమయానికి కాల్ చేయండి. ఆ కాల్‌లో మెయిల్ ప్రస్తావన మొదట తేకండి. ముందు క్లయింట్‌కి ఏం చెప్పాలో తేల్చండి. పని మాట అయ్యాక, చివర్లో, ఒక్కసారి చెప్పొచ్చు: "ఇలాంటిది ఇంకోసారి ఉంటే ముందు నాకు ఫోన్ చేయండి. గంటలో నేను జవాబివ్వకపోతే అప్పుడు పైవాళ్ళకి రాయండి." ఇది ఫిర్యాదులా ఉండదు, ఒక పద్ధతి అడిగినట్టు ఉంటుంది. చాలామంది దీనికి ఒప్పుకుంటారు.

మళ్ళీ అందరి ముందే ఇంకో ఘాటైన మెయిల్ వస్తే? అందులో కొత్త విషయం ఏమైనా ఉందా చూడండి. ఉంటే దానికి మాత్రమే ఒక లైన్. లేకపోతే "ఈ రోజు 7 గంటలకి కాల్‌లో మాట్లాడుకుందాం. 17న ఫలితం ఇక్కడే పంపుతాను" అని రాసి ఆపేయండి. మూడో మెయిల్‌కి Reply All లో జవాబివ్వకండి. అప్పటికి అది మీ మేనేజర్ అతనితో తేల్చుకోవలసిన విషయం, ఆయనకి ఆ మాట నేరుగా చెప్పండి.

మీ కేసు ఇలా లేకపోతే

ఆరోపణ మొత్తం నిజమైతే రెండో ముక్క, అంటే జరిగింది వివరించడం, ఒక వాక్యానికి కుదించండి. కారణాలు పెరిగేకొద్దీ సాకుల్లా వినిపిస్తాయి. తప్పు మీ టీమ్‌లో ఒక కుర్రాడిదైనా అతని పేరు రాయకండి. లీడ్‌గా "మా దగ్గర తప్పు జరిగింది" అనండి.

ఆరోపణ మొత్తం అబద్ధమైతే, అబద్ధం అన్న మాట వాడకుండా సరైన విషయం ఒక్కటి చెప్పండి. "ఈ ఫైల్ 6వ తేదీ సాయంత్రం 4:10కి పంపాం. మీకు అందలేదేమో, మళ్ళీ జతచేస్తున్నాను." అవతలి మనిషి వెనక్కి తగ్గడానికి ఆ "అందలేదేమో" ఒక దారి ఇస్తుంది. దారి లేకపోతే ఎవరైనా ఎదురు తిరుగుతారు.

సీసీలో క్లయింట్ ఉంటే మీరు సొంతంగా ఏదీ రాయకండి. క్లయింట్‌తో మాట్లాడే బాధ్యత ఎవరిదో వాళ్ళ పేరు మీదే జవాబు వెళ్ళాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో వచ్చేది మెయిల్ కాక వివరణ అడుగుతూ ఇచ్చిన మెమో అయితే, దానికి గడువు, పద్ధతి వేరు. ఇక్కడ చెప్పింది దానికి సరిపోదు.

ఇంకొకటి. మెయిల్‌లో కులం, మతం, ఆడవాళ్ళ గురించి అవమానకరమైన మాటలు గానీ, బెదిరింపు గానీ ఉంటే ఇదంతా పక్కన పెట్టండి. దానికి మర్యాదగా జవాబు రాయడం మీ పని కాదు. మెయిల్‌ని అలాగే ఉంచి హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఆ కమిటీకి ఫిర్యాదు చేయాలి.

పనిచేసిందని ఎలా తెలుస్తుంది

పైవాళ్ళ నుంచి మెచ్చుకోలు ఆశించకండి. వాళ్ళు ఏమీ రాయకపోవడం మంచి సూచనే. తాము కల్పించుకోవాల్సిన అవసరం లేదనుకున్నారన్నమాట. ఒకవేళ డైరెక్టర్ "థాంక్స్, 18కి ఫాలోయప్ చేయండి" అని రాస్తే ఇంకా మంచిది. "ఇద్దరూ నాతో కాల్‌లో కూర్చోండి" అని వస్తే మీ మెయిల్‌లో ఎక్కడో పోట్లాట కనిపించిందని అర్థం. మళ్ళీ చదివి ఆ వాక్యం ఏదో పట్టుకోండి.

రెండో గుర్తు, ఆ ట్రెయిల్‌లో తర్వాత వచ్చే మెయిల్ దేని గురించి ఉంది అన్నది. తేదీ గురించో, టెస్టుల గురించో అయితే విషయం మళ్ళీ పని మీదకి వచ్చినట్టే. మనుషుల గురించి అయితే ఇంకా రాలేదు.

మూడోది మీ చేతిలోనే ఉంది, చెప్పిన తేదీ నిలబెట్టుకోవడం. అందుకే కొత్త తేదీ రాసేటప్పుడు అవతలివాళ్ళను చల్లార్చడానికి దగ్గరి తేదీ ఇవ్వకండి. ఆమెకి మొదట సోమవారమే అని రాయాలనిపించింది. టెస్టులు సోమవారం సాయంత్రానికి గానీ పూర్తికావు. మళ్ళీ తప్పు దొరికితే సరిచేయడానికి కొన్ని గంటలైనా ఉండాలని మంగళవారానికి పెట్టింది.

17 సాయంత్రం 5:40కి ఆమె అదే ట్రెయిల్‌లో రెండు వాక్యాలు పంపింది: రెండు టెస్టులూ పాసయ్యాయి, రేపు 6 గంటలకి రిలీజ్. డైరెక్టర్, వీపీ ఏమీ రాయలేదు. ఆ రాత్రి డెలివరీ మేనేజర్ జవాబు వచ్చింది. సీసీలో ఎవరూ లేరు, ఆమె ఒక్కదానికే. "థాంక్స్. క్లయింట్‌కి చెప్పాను. వచ్చే నెల రిపోర్ట్‌కి డేటా 1వ తేదీకే పంపిస్తాను."